మైసమ్మ ఇస్తారి లెక్క

మే నెల ఎండలో కూడా భాగ్యలక్ష్మి సోమవారం సోమవారం స్వెట్టర్ తీసుకుని ఇంట్లోంచి బయలుదేరేది. మంఖాల్ బస్‌స్టాపులో ఉన్న ఆడవాళ్లు మొదట్లో జ్వరమనుకున్నారు, తర్వాత వేరే ఏదో అనుకున్నారు, చివరికి అడగడం మానేశారు. "శీతల గదిలో మాంసం తూచే ఉద్యోగం" అని చెప్పడం కంటే జ్వరమనుకోనివ్వడమే నయమని ఆమె కూడా ఊరుకుంది.

ఆ స్వెట్టర్ మొగుడు రాఘవేందర్‌ది. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడుపుతాడు. "నా స్వెట్టర్‌ల నుంచి యాటకూర వాసనొస్తున్నది, ప్యాసింజర్లు ముక్కులు మూసుకుంటున్నరు" అని చలికాలమంతా సణిగేవాడు. ఆమె ఉతికేది. వాసన పోయేది కాదు. ఎనిమిదేళ్ల కాపురంలో తను ఎన్ని వాసనలు భరించిందో ఆమె ఎప్పుడూ లెక్క చెప్పలేదు.

లెక్క ఆమెకు పుట్టుకతో వచ్చింది. తండ్రి రేషన్ డీలరు. కందిపప్పు బస్తా విప్పితే ఎంత తరుగుపోతుందో, కిరోసిన్ డ్రమ్ములో అడుగున ఎంత మిగులుతుందో ఏడేళ్లకే చెప్పేది. ఇంటర్ అయ్యాక శంషాబాద్‌లో కోళ్ల దాణా దుకాణంలో చిట్టాలు రాసింది. ఎయిర్‌పోర్టు వచ్చి ఆ దుకాణం ఉన్నచోట లాడ్జీ లేచింది. బెంగళూరు రోడ్డు మీద సాతంరాయికి ఇవతల రామచంద్రయ్య సార్ హోటల్ పెడితే, అందులో స్టోర్స్ ఇన్‌ఛార్జిగా చేరింది. ఉన్న పొలంలో కొంత అమ్మి, అమ్మిన డబ్బుతో హోటల్ కట్టిన సాతంరాయి రైతు ఆయన. కుర్చీలో కూర్చున్నా గట్టు మీద కూర్చున్నట్టే కాళ్లు రెండూ పైకి మడిచి కూర్చుంటాడు.

ఇన్‌ఛార్జి అంటే ఏమిటని ఇంట్లో అడిగితే, "పోయింది నేనే చెప్పాలె, పోయిందానికి నేనే మాట పడాలె" అనేది.

సోమవారం పొద్దున మటన్ బండి రాకముందే లెక్క మొదలయ్యేది. కొత్త సరుకు వచ్చి పాతదాంట్లో కలిస్తే ఆ వారం లెక్క ఇక గంగలో కలిసినట్టే. శీతల గదిలో ఒక్కో డబ్బా దించి, ఖాళీ డబ్బా బరువు తీసేసి తూచాలి. బయటికి వచ్చి బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, నెయ్యి, పెరుగు, ఉల్లిగడ్డ, ఆఖరికి జీలకర్ర కూడా. వంగి లేచి, వంగి లేచి మధ్యాహ్నానికి మోకాళ్లు తమ లెక్క తాము చెప్పేవి.

అక్కడితో అయిపోతే బాగుండేది. పోయిన సోమవారం ఉన్నది, దానికి వారంలో కొన్నది కలిపి, ఇవాళ మిగిలింది తీసేస్తే వంటగది నిజంగా వాడింది ఎంతో తేలుతుంది. మరోపక్క బిల్లింగ్ మిషను వారమంతా అమ్మిన ప్లేట్లు చెబుతుంది. ఒక్కో ప్లేటుకు ఏది ఎంత పడాలో గోడకు అంటించిన కార్డులో ఉంటుంది. మటన్ బిర్యానీకి పచ్చి మాంసం రెండొందల గ్రాములు, బియ్యం నూట యాభై. ప్లేట్లను దాంతో గుణిస్తే వాడాల్సింది తేలుతుంది. వాడాల్సింది, వాడింది పక్కపక్కన పెడితే నడుమ మిగిలేదే తేడా. వందకు రెండు వరకూ ఎవరూ ఏమీ అనరు. వంటగదిలో గాలి కూడా కాస్త తింటుంది. అది దాటితే హోటల్ లెక్కలు చూసే దిల్‌సుఖ్‌నగర్ హెడ్డాఫీసు నుంచి పట్టాభి గారు వస్తారు.

పట్టాభి గారిది తణుకు. మర్యాద ఎక్కువ. తిట్టేటప్పుడు కూడా "అండీ" వదలడు. ఆ నెలలో మూడో సోమవారం లెక్క చూసి, మర్నాడు మంగళవారమే వచ్చాడు.

"భాగ్యలక్ష్మి గారండీ, మటన్ పదకొండు కిలోలు ఎక్కడికి వెళ్లిందండీ?"

"చూస్తున్న సార్."

"పోయిన వారం కూడా చూశారండీ. అంతకు ముందు వారం కూడా చూశారు. చూస్తూ ఉంటే తిరిగి వస్తుందంటారా?"

మూడు వారాలుగా మటన్ తేడా ఒకటే తీరుగా నిలబడి ఉంది. వందకు రెండు లోపల ఉండేది ఒక్కసారిగా ఏడుకు లేచి, అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుంది. చికెన్ బాగానే ఉంది. నూనె బాగానే ఉంది. మేక ఒక్కటే రోజూ కొంత కొంత నడిచి వెళ్లిపోతోంది.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర సంచీలు చూడమని పట్టాభి గారు సెక్యూరిటీ యాదయ్యకు చెప్పాడు. షిఫ్టు దిగి వెళ్తున్న జంగమ్మ మూడంతస్తుల టిఫిన్ డబ్బాలో బిర్యానీ దొరికింది. వేలెడు ముక్కలు, నెయ్యి తేలుతూ.

జంగమ్మ గిన్నెలు తోమే మనిషి. యాభై దాటింది. ఎయిర్‌పోర్టు కింద ఇళ్లు పోయిన పల్లె మనిషి. కూలి మనుషుల్ని పంపే ఏజెన్సీకి చెప్పి ఆమెను పనిలో పెట్టించింది భాగ్యలక్ష్మే. డబ్బా బల్ల మీద తెరిచి ఉంది, చుట్టూ నలుగురు నిలబడ్డారు. జంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తుడిచిందే తుడుస్తూ ఉంది.

"గిది అమ్మ ఇస్తారి సార్. బుచ్చయ్య ఇచ్చిండు. నేను ముట్టలే."

అమ్మ ఇస్తారి అంటే అక్కడ అందరికీ తెలుసు. వంటగది వెనక గోడకు ఆనుకుని మైసమ్మ రాయి ఉంది. హోటల్ పునాది తవ్వినప్పుడు దాన్ని కదిలించవద్దని రామచంద్రయ్య సార్ గోడనే పక్కకు జరిపి కట్టించాడు. మటన్ బిర్యానీ వండే బుచ్చయ్య మూత తీయగానే మొదటి ప్లేటు మోదుగాకు ఇస్తారిలో వేసి ఆమె ముందు పెట్టేవాడు. దండం పెట్టుకున్నాక అది ఎవరికి దక్కితే వాళ్లది. పట్టాభి గారు కూడా వచ్చినప్పుడల్లా "ప్రసాదమండీ" అంటూ కళ్లకు అద్దుకుని తినేవాడు. తిన్నాక మీసం తుడుచుకునేవాడు.

"ఇస్తారి అంటే ఒక ప్లేటు కదమ్మా. రెండొందల గ్రాములు. మరి పదకొండు కిలోలు?" అని ఆయన మెత్తగా అడిగాడు. "ప్లేటు తీసుకెళ్లేవాళ్లు కిలో తీసుకెళ్లరని ఏముందండీ?"

జంగమ్మకు కిలోల సంగతి అర్థం కాలేదు. దొంగ అన్నారని మాత్రం అర్థమైంది. భాగ్యలక్ష్మి వైపు చూసింది.

"వారం ఆగండి సార్. నేను చెప్త" అంది భాగ్యలక్ష్మి.

"వచ్చే సోమవారం రామచంద్రయ్య గారి ముందు చెప్పండి. లేకపోతే ఈవిడ బదులు వేరే మనిషిని పంపమని ఏజెన్సీకి చెప్పేస్తానండీ. నాకేం సరదా కాదు."

ఆయన కారెక్కాక జంగమ్మ డబ్బా మూత పెట్టింది. "బిడ్డా, నా మీద మాట పడితే పడె. ఏడికి పోయినా గిన్నెలే తోముత. నువ్వు తెచ్చిపెట్టినవని నీ మీద పడ్తదేమో" అంది. దొంగ అనిపించుకున్న మనిషే తనను ఓదారుస్తుంటే భాగ్యలక్ష్మికి అలసట ఇంకాస్త ఎక్కువైంది.

ఆ వారం ఆమె చేయనిది లేదు. మొదట తన మీదే అనుమానపడింది. మంగళవారం సాయంత్రమే మాంసం మళ్లీ తూచింది. త్రాసు మీద తూకపు రాళ్లు పెట్టి చూసింది, త్రాసు నిజమే చెబుతోంది. మటన్ కొట్టు బిల్లులు ఒక్కోటీ ముందేసుకుని, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించానా అని చూసింది. ఎక్కించలేదు. ఎయిర్‌పోర్టులో ఉన్న తమ చిన్న కౌంటరుకు పంపిన కూరలు రాయడం మరిచిపోయారేమోనని చూసింది. అక్కడికి వెళ్లేది ఇడ్లీ, వడ. మేక ఇడ్లీలోకి ఎలా దూరుతుంది. స్టాఫ్ భోజనం చూసింది, అది పప్పు, చారు. పప్పు తిన్నవాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తుంది.

బుధవారం భోజనాల వేళ కౌంటర్ దగ్గర నిలబడి, కస్టమర్‌కు పోయే ప్లేట్లను ఆపి ఆపి తూచింది. వడ్డించేవాడి చెయ్యి జారుతోందేమోనని. చెయ్యి జారడం లేదు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఒకాయన తన బిర్యానీ త్రాసెక్కడం చూసి, "అమ్మా, బిల్లు కిలోల్లెక్కన ఏస్తరా ఇక్కడ?" అని అడిగాడు. ఆమె సిగ్గుపడి ప్లేటు ఇచ్చేసింది.

ఇంట్లో ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూర గరిటె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"గది నాకేనా, తూకం అయినంక ఏస్తవా?" అన్నాడు రాఘవేందర్.

"జంగమ్మ పెద్దమ్మ తీయలే."

"తీయలేదని నీకు తెలుసు. కాగితానికి తెల్వదు గదా. కాగితానికి చెప్పు."

మొగుళ్లు అప్పుడప్పుడు పనికొచ్చే మాట అంటారు. అన్నట్టు వాళ్లకు తెలియదు కాబట్టి ఆమె కూడా తెలియనివ్వలేదు.

గురువారం మళ్లీ కాగితం ముందు కూర్చుంది. తేడాల కాగితం ఎప్పుడూ రూపాయల వరసలో వస్తుంది. ఎక్కువ డబ్బు పోయింది పైన, తక్కువ పోయింది కింద. అందరూ పై నాలుగు వరసలు చదివి నిట్టూర్చి మడిచేస్తారు. ఆమె కూడా మూడు వారాలు అదే చేసింది. ఆ రోజు కాగితం అడుగు దాకా వెళ్లింది, వేరే చూడడానికి ఏమీ మిగలక. అక్కడ, అల్లం పక్కన, బాస్మతి బియ్యం కూర్చుని ఉంది. ఎనిమిది కిలోల పైచిలుకు తేడా. మాంసం ధర ముందు బియ్యం ధర ఎంత, అందుకే కిందికి జారిపోయింది. ముందు వారం చూసింది. అక్కడా ఎనిమిదే. ఆ ముందు వారం కూడా.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. శీతల గదిలో మాంసం దొంగిలించేవాడు దాంతోపాటు దానికి సరిపడా బియ్యం కూడా ఎందుకు తీసుకెళతాడు? పోయిన మాంసాన్ని ప్లేటుకు రెండొందల లెక్కన భాగించింది. యాభై ఆరు. పోయిన బియ్యాన్ని నూట యాభై లెక్కన భాగించింది. అదీ యాభై ఆరే.

అంటే పోయేది మాంసం కాదు, వండిన బిర్యానీ. పచ్చిగా ఎవరూ ఎత్తుకుపోవడం లేదు. పొయ్యి మీది నుంచి దిగిన తర్వాత, బిల్లు పడే లోపల, వారానికి యాభై ఆరు ప్లేట్లు మాయమవుతున్నాయి. రోజుకు ఎనిమిది.

రోజుకు ఎనిమిది అనే మాట ఆ హోటల్లో ఇంకోచోట కూడా వినబడేది.

నెల కింద వరకూ మటన్ బిర్యానీ పొద్దునొక పెద్ద డేక్సా, సాయంత్రమొక పెద్ద డేక్సా దిగేది. విమానాలు వేళాపాళా లేకుండా దిగుతుంటే, వచ్చినవాళ్లకు చల్లారిన బిర్యానీ పెడుతున్నామని రామచంద్రయ్య సార్ బాధపడి, పదిహేను ప్లేట్ల చిన్న హండీలు కొనిపించాడు. ఎప్పుడొచ్చినా వేడివేడిది దొరకాలని. రోజుకు ఎనిమిది హండీలు. ఖరీదైన మటన్‌కే ఆ మర్యాద, చికెన్ పాత డేక్సాల్లోనే ఉడుకుతోంది.

శనివారం ఆమె స్టోరుకు తాళం వేసి, కుర్చీ తెచ్చుకుని పొయ్యిల దగ్గర కూర్చుంది. బుచ్చయ్య అప్పుడే మొదటి హండీ దించాడు. అంచు చుట్టూ అంటించిన పిండి పగలగొట్టి మూత తీశాడు. ఆవిరి లేచింది. గరిటె లోపలికి పెట్టి, మంచి ముక్కలు ఏరి, ఇస్తారిలో నిండుగా వేశాడు. గోడ అవతలికి వెళ్లి వచ్చాడు. కాసేపటికి కత్తిపీట దగ్గరి మనిషి వెళ్లి ఆ ఇస్తారి తెచ్చుకున్నాడు.

రెండో హండీ దిగింది. మూత తీశాడు. ఇస్తారి వేశాడు. గోడ అవతలికి వెళ్లాడు. దాన్ని సెక్యూరిటీ యాదయ్య తెచ్చుకున్నాడు.

మూడో మూత. మూడో ఇస్తారి. జంగమ్మ డబ్బా.

"అన్నా, ప్రతి హండీకి పెడ్తున్నవా?" అంది భాగ్యలక్ష్మి.

"పెట్టకపోతే ఎట్ల చెల్లె? మూత తీసినంక అమ్మకు పెట్టకుండ ఎంగిలి చేస్తమా?"

"ఎనిమిది సార్లు?"

"నేను ఎనిమిది హండీలు కొనుమన్ననా? సార్ కొన్నడు. మూతలు ఎనిమిదైనయ్. అమ్మకు ఎనిమిదైనయ్. గంతే గదా."

"జర తక్కువన్న వేయొచ్చు గదనే. ఒక ముక్క, పిడికెడు అన్నం."

బుచ్చయ్య గరిటె ఆపాడు. ఆయన ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. "బయట బెంజికార్ల దిగినోనికి ప్లేటు నిండ ఏసి, అమ్మకు పిడికెడు ఏద్దమా చెల్లె? నీ చేతులతోని నువ్వెయ్, నేను పక్కకు జరుగుత."

ఆమె చేతులు ముందుకు రాలేదు. మంఖాల్లో పుట్టి, మైసమ్మకు మొక్కుతూ పెరిగిన మనిషి.

కూర్చుని చూసింది. నాలుగోది తందూరు అతనికి. ఐదోది క్యాషియర్‌కు. ఆరోది సాయంత్రం ఒక స్టీలు క్యారేజీలోకి వెళ్లింది, ఆ క్యారేజీని రామచంద్రయ్య సార్ డ్రైవర్ తీసుకెళ్లాడు. సార్ వాళ్ల ముసలమ్మకు అమ్మ ప్రసాదమంటే ప్రాణమట. ఏడోది, ఎనిమిదోది రాత్రి షిఫ్టువాళ్లకు. ఎవరికి వారు, తమకు అందేదే ఆ రోజు ఇస్తారి అనుకుంటున్నారు. ఎవరి షిఫ్టు వాళ్లది, పక్క షిఫ్టు సంగతి పక్క షిఫ్టుది. దొంగ ఒక్కడూ లేడు. అందరూ కళ్లకద్దుకుని తింటున్నారు.

"సోమారం మూడోది ఎవరికి పోతదన్నా?" అని అడిగింది, జవాబు తెలిసి కూడా.

బుచ్చయ్య నవ్వాడు. "నీకే గదా. సోమారం జంగమ్మకు సెలవుంటది. లెక్క చేసి చేసి గుంజుకపోయి కూసుంటవు గదా అని నేనే తెచ్చిపెడ్త."

ఆమె స్టోరులోకి వెళ్లి గత మూడు సోమవారాల తేడాల కాగితాలు తీసి చూసింది. మూడింటి మీదా కుడిచేతి మూలన నెయ్యి మరకలు ఉన్నాయి. మటన్ ఎక్కడికి పోయిందా అని తలపట్టుకుని రాసిన కాగితాలు, ఆ మటన్ తింటూ రాసినవే.

ఆదివారమంతా ఆమెకు ఒక ఆశ పుట్టి చచ్చింది. ఏజెన్సీ మనిషి రాకుండా ఉంటే, పట్టాభి గారికి జ్వరం వస్తే, ఈ సంగతి తను నోరు తెరిచి చెప్పకుండానే అయిపోతే. చెబితే అమ్మవారి ఇస్తారి మీద లెక్క వేసిన ఆడది అని పది ఊళ్లలో చెప్పుకుంటారు. చెప్పకపోతే జంగమ్మ డబ్బా మళ్లీ బల్ల మీద తెరుస్తారు. పట్టాభి గారికి జ్వరం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం రామచంద్రయ్య సార్ గదిలో అందరూ కూర్చున్నారు. సార్ కాళ్లు పైకి మడిచాడు. జంగమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. సెలవు రోజైనా రమ్మన్నారు. బుచ్చయ్యను కూడా పిలిచారు.

భాగ్యలక్ష్మి చెప్పింది. మాంసం, బియ్యం, రెండింటినీ ప్లేట్లలోకి మార్చడం, యాభై ఆరు, చిన్న హండీలు వచ్చిన వారం నుంచే మొదలవడం. పెద్ద డేక్సాల కాలంలో రోజుకు రెండే ఇస్తార్లు కాబట్టి తేడా వందకు రెండు దాటలేదు, అందుకే ఎవరికీ కనబడలేదు. ఈ వారం లెక్క కూడా పొద్దునే చేసింది. మళ్లీ యాభై ఆరే.

"మూడోది జంగమ్మ పెద్దమ్మది సార్. సోమారం అది నాది" అని కూడా చెప్పింది. "రెండోది యాదయ్యది. పట్టాభి సార్ వచ్చిన రోజు ఐదోది పట్టాభి సార్‌ది. ఆరోది..."

"ఆరోది?" అన్నాడు రామచంద్రయ్య సార్.

"మీ ఇంటికి పోతది సార్."

పట్టాభి గారు మీసం తుడుచుకున్నాడు, ఆ రోజు ఇంకా ఏమీ తినకపోయినా.

"మా అమ్మకు వస్తున్నదని తెలుసు," అన్నాడు సార్ చివరికి, "గని గది ఆరోదని నాకేం తెలుసు. ఒక్కటే అనుకున్న."

"అందరూ ఒక్కటే అనుకున్నారండీ," అన్నాడు పట్టాభి గారు నీరసంగా. "సరే, కారణం తెలిసింది కాబట్టి ఇవాళ్టి నుంచి ఆపేద్దామండీ."

"ఎవరు ఆపుతరు?" అన్నాడు సార్. "నా నోటితోని నేను అనను. గోడనే జరిపి కట్టినోణ్ని. నువ్వంటవా?"

పట్టాభి గారు కిటికీ వైపు చూశాడు. ఆయనది తణుకే అయినా, మైసమ్మ బెంగళూరు రోడ్డు మీద ఉంది. వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు మీదే వెళ్లాలి.

అందరూ భాగ్యలక్ష్మి వైపు చూశారు. పోయినదానికి మాట పడాల్సింది ఆమే కదా.

ఆమె బుచ్చయ్య వైపు తిరిగింది. "అన్నా, మీ ఊర్ల పెండ్లి అయితే ఎన్ని డేక్సాలు దించుతరు?"

"మంచి పెండ్లి అయితే ఇరవై దించుతం."

"ఇరవై ఇస్తార్లు పెడ్తరా?"

బుచ్చయ్య తువ్వాలు భుజం మార్చాడు. "అట్లెట్ల పెడ్తం. పొయ్యి ఒక్కసారి ముట్టిస్తం గదా. మొదటి డేక్సాల నుంచి ఒక్కటి పెడ్తం."

"ఇక్కడ పొయ్యి ఎన్నిసార్లు ముట్టిస్తున్నవ్?"

"పొద్దుగాల ఒకసారి. నడుమ ఆర్పి కడుగుతం. పొద్దుగూకినంక ఒకసారి." మళ్లీ తనే అన్నాడు. "గట్లయితే రెండే. పాత లెక్కనే." తప్పు పట్టుబడ్డవాడిలా కాకుండా, దారి తప్పిన ఎద్దు కొట్టం చూసుకున్నట్టు ముఖం పెట్టాడు. "గని నిండ ఏస్త. తక్కువ ఏయ."

"నిండ ఎయ్యన్నా. బిల్లు కొడ్త."

"దేవతకి బిల్లేమిటండీ?" అన్నాడు పట్టాభి గారు.

"పైసలుండవు సార్. సున్న. మిషన్‌ల ఆ పేరు మీద ప్లేటు పడితే, వాడాల్సిన దాంట్ల అది కూడ కలుస్తది. ఇగ తేడాల కనబడదు. తేడా కనబడితే అది నిజంగ పోయినట్టు."

పట్టాభి గారు ఆలోచించి తల ఊపాడు. రామచంద్రయ్య సార్ కాళ్లు కిందికి దించాడు. జంగమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఎవరో ఒకరు ఆమెతో ఏదో ఒకటి అనాలి. అది తన పనే అని సార్‌కు తోచడానికి కాస్త సమయం పట్టింది.

"పో జంగమ్మా, రేపు పనికి రా. ఇగ ఎవరూ నీ డబ్బ చూడరు" అన్నాడు.

"చూసిన్రు గదా సార్" అంది జంగమ్మ. అందరూ కుర్చీల్లోంచి లేవడం మొదలుపెట్టారు.

తర్వాతి వారం మటన్ తేడా వందకు ఒకటి కూడా రాలేదు. పైన ఎవరూ నిట్టూర్చలేదు. కింద వంటగదిలో మాత్రం వాతావరణం మారింది. యాదయ్య గేటు దగ్గర సెల్యూట్ కొట్టడం మానేశాడు. తందూరు అతను ఆమె కనబడితే రొట్టె పిండిని కాస్త గట్టిగా కొట్టేవాడు. క్యాషియర్ మాత్రం మర్యాదస్థుడు, "బాగున్నరా" అని అడిగి జవాబు వినకుండా వెళ్లేవాడు. దొంగను పట్టుకుని ఉంటే అందరూ మెచ్చుకునేవాళ్లు. దొంగ లేడని తేల్చి అందరి పళ్లెం లాగేసింది. దీనికి మెచ్చుకోలు ఏ ఊళ్లోనూ లేదు.

ఉన్న రెండు ఇస్తార్లలో పొద్దుటిది జంగమ్మకని బుచ్చయ్య తనంతట తానే తేల్చేశాడు. సాయంత్రానిది వంతులవారీగా. ఆ వంతుల్లో సార్ ఇంటి క్యారేజీకి కూడా ఒక రోజే వచ్చింది. ముసలమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదని డ్రైవర్ చెప్పాడు. భాగ్యలక్ష్మి పేరు వంతుల్లో లేదు. అడగాలనిపించింది, అడగలేదు.

ఆ సోమవారం హెడ్డాఫీసు నుంచి పూర్ణిమ అనే అమ్మాయి ఫోన్ చేసింది. కాగితాలు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరింది. "మేడమ్, మైసమ్మ అనే కస్టమర్ రోజూ రెండు మటన్ బిర్యానీలు తీసుకుంటున్నారు, డబ్బులు కట్టడం లేదు. ఈవిడ ఎవరు? ఎవరి అనుమతి ఉంది?"

భాగ్యలక్ష్మి మోకాళ్లు రాసుకుంటూ, "మీ పట్టాభి సార్‌ను అడుగమ్మా. ఆయనకు తెలుసు ఆమె" అంది.

అప్పటికి రెండు దాటింది. లెక్క అయిపోయింది, శీతల గది తలుపు వేసింది, స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలించింది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచింది. అన్నం, పచ్చిపులుసు. గోడ అవతల బుచ్చయ్య ఇంకో హండీ మూత తీశాడు. వాసన తలుపు కింది నుంచి వచ్చి, అడగకుండానే ఎదురుగా కూర్చుంది.

బుచ్చయ్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె డబ్బా వైపు చూశాడు.

"ఏంది చెల్లె, పచ్చిపులుసా?"

"ఊఁ."

"ఈ హండీకి ఇస్తారి లేదు. నువ్వే చెప్పినవ్."

"చెప్పిన."

"పదిహేను ప్లేట్లకు పదిహేను బిల్లులు పడుతున్నయ్. సల్లగున్నదా పాణం?"

"ఏం సల్లగనే అన్నా. కాళ్లు గుంజుతున్నయ్."

బుచ్చయ్య ఏదో తెచ్చి పెట్టే మనిషే, తెచ్చిపెడితే మళ్లీ ఆమె రాసుకోవాల్సి వస్తుందని ఆగినట్టున్నాడు. "ఉల్లిగడ్డ కోసియ్యనా? అది లెక్కల్ల లేదు గదా" అన్నాడు చివరికి.

"అది కూడ ఉన్నది" అంది ఆమె. "ఉల్లిగడ్డ ఇంటి నుంచి తెచ్చుకున్న."

పచ్చిపులుసులో అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు తక్కువైంది. స్టోరులో ఉప్పు బస్తా చేతికందే దూరంలోనే ఉంది. ఆమె దానివైపు చూసి, ఉప్పు లేకుండానే తినేసింది.